నెల మధ్యలో ప్లాన్ పెంచుకుంటే బిల్లు ఎలా వేయాలి: ఐదు పద్ధతులు, ఎవరికి ఏది

కస్టమర్ నెల మొదట్లో బేసిక్ ప్లాన్‌కి డబ్బు కట్టేశాడు. పదకొండో తేదీన ప్రో కావాలనిపించి బటన్ నొక్కాడు. ఇప్పుడు అతని కార్డు మీద ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి, వచ్చే బిల్లు ఏ తేదీన ఎంత రావాలి? సబ్‌స్క్రిప్షన్ మీద నడిచే ఏ ప్రొడక్టుకైనా ఈ ప్రశ్న మొదటి నెలలోనే ఎదురవుతుంది. చాలామంది దీన్ని పేమెంట్ గేట్‌వే డిఫాల్ట్‌కి వదిలేసి, సపోర్టుకి మెయిల్స్ రావడం మొదలయ్యాక అసలు డిఫాల్ట్ ఏమిటా అని వెతుక్కుంటారు.

వాడిన రోజులకు మాత్రమే, వాడిన ప్లాన్ రేటు చొప్పున డబ్బు లెక్కగట్టడమే ప్రొరేషన్. లెక్క చిన్నదే, ఐదో తరగతి పిల్లాడికి ఇచ్చినా చేసేస్తాడు. అసలు చిక్కంతా ఆ వచ్చిన అంకెను ఎప్పుడు వసూలు చేస్తాం, బిల్లు తేదీని కదుపుతామా లేదా అన్న దగ్గరే ఉంది. అందుకే పద్ధతులు ఇన్ని.

## ఎంచుకునే ముందు ఏం చూడాలి

నాలుగు విషయాలు చూస్తే చాలు.

ఒకటి, బటన్ నొక్కిన క్షణంలో కార్డు నుంచి ఎంత పోతుంది, ఆ అంకెను ముందే తెర మీద కచ్చితంగా చూపించగలమా. రెండు, తర్వాతి బిల్లు చూసి కస్టమర్ ఉలిక్కిపడతాడా. మూడు, డబ్బు చేతికి రాకముందే ప్రో ఫీచర్లు ఇచ్చేస్తున్నామా, ఇస్తే ఎన్నాళ్ల అప్పు అది. నాలుగోది చాలామంది మర్చిపోయేది: ప్లాన్‌లో నెలవారీ కోటా ఉందా? అంటే నెలకు ఇన్ని ఎక్స్‌పోర్టులు, ఇన్ని మెసేజ్‌లు అని లెక్క ఉంటే, డబ్బుని రోజుల వారీగా విడగొట్టినంత తేలికగా కోటాని విడగొట్టలేం. దీని గురించి కింద విడిగా రాశాను. ఎందుకంటే మొదటి పద్ధతికీ నాలుగో పద్ధతికీ మధ్య తేల్చేది చివరికి ఇదే.

## ముందు లెక్క

అన్ని పద్ధతులకీ ఒకే ఉదాహరణ పట్టుకుందాం. బేసిక్ నెలకు 900, ప్రో నెలకు 2,400. కరెన్సీ ఏదైనా ఫర్వాలేదు. సైకిల్ జూన్ 1న మొదలై జులై 1న తిరిగి బిల్లు అవుతుంది, అంటే 30 రోజులు. కస్టమర్ జూన్ 11న, సరిగ్గా 10 రోజులు గడిచాక ప్రోకి మారాడు. ఇంకా 20 రోజులు మిగిలాయి.

బేసిక్ రోజుకు 30 పడుతుంది. వాడని 20 రోజులకు 600 అతనికి తిరిగి రావాలి, ఇది క్రెడిట్. ప్రో రోజుకు 80, అదే 20 రోజులకు 1,600 అతను కట్టాలి. రెండింటికీ తేడా 1,000. ప్లాన్ల తేడా 1,500ని 20/30తో గుణించినా అదే 1,000 వస్తుంది.

స్ట్రైప్ ఇన్‌వాయిస్‌లో ఇది ఒకే లైనుగా కనపడదు. `Unused time on Basic after 11 Jun` అని మైనస్ 600తో ఒక లైను, `Remaining time on Pro after 11 Jun` అని 1,600తో ఇంకో లైను వస్తాయి. మైనస్ లైను చూసి "నాకు రిఫండ్ రావాలి కదా, ఎక్కడ?" అని అడిగే కస్టమర్లు ఎప్పుడూ ఉంటారు. ఆ రెండు లైన్లకూ అర్థం ఏమిటో హెల్ప్ పేజీలో రెండు వాక్యాలు రాసి పెట్టుకుంటే సపోర్టులో కూర్చునేవాళ్లకి చాలా టెన్షన్ తగ్గుతుంది.

లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. కస్టమర్ ఏ ప్లాన్‌ని ఎన్ని రోజులు వాడాడో దాని విలువ ఒకవైపు వేయండి, అతను మొత్తం కట్టినది ఇంకోవైపు వేయండి. ఇక్కడ బేసిక్ 10 రోజులకు 300, ప్రో 20 రోజులకు 1,600, కలిపి 1,900. కట్టింది 900, ఆపైన 1,000, అదీ 1,900. రెండూ సమానం. ఏ పద్ధతి ఎంచుకున్నా ఈ సమానత్వం నిలవాలి. నిలవకపోతే ఎవరో ఒకరు నష్టపోతున్నట్టే, అది తెలిసి ఒప్పుకున్న నష్టమా కాదా అన్నదే తేల్చుకోవాల్సింది.

## మొదటి పద్ధతి: తేడా ఇప్పుడే వసూలు, తేదీ మారదు

కస్టమర్ ఈరోజు 1,000 కడతాడు, జులై 1న 2,400 కడతాడు. బిల్లు తేదీ ఎప్పటిదే. స్ట్రైప్‌లో దీనికి `proration_behavior=always_invoice` అని పెట్టాలి. గూగుల్ ప్లేలో `CHARGE_PRORATED_PRICE` మోడ్ చేసేదీ ఇదే, అక్కడ ఇది ధర పెరిగే మార్పులకు మాత్రమే పనిచేస్తుంది.

నా దృష్టిలో నెలవారీ ప్లాన్లకి ఎక్కువమంది మొదట ఆలోచించాల్సింది ఇదే. కస్టమర్ మనసు ప్రో మీద ఉన్న క్షణంలోనే డబ్బు అడుగుతున్నారు, ఎందుకు కడుతున్నాడో అతనికి తెలుసు, వచ్చే నెల బిల్లులో వింత ఏమీ ఉండదు. తెర మీద "ఈరోజు 1,000, జులై 1 నుంచి నెలకు 2,400" అని ఒక్క వాక్యంలో చెప్పేయొచ్చు.

ఇబ్బంది కార్డు ఫెయిల్ అయినప్పుడు వస్తుంది. స్ట్రైప్‌లో మీరేమీ చెప్పకపోతే ప్లాన్ ముందే మారిపోతుంది, డబ్బు రాకపోతే సబ్‌స్క్రిప్షన్ `past_due`లోకి వెళ్తుంది. మీ కోడ్ ప్లాన్ పేరు మాత్రమే చూసి ఫీచర్లు తెరుస్తుంటే ఆ కస్టమర్ పైసా కట్టకుండా ప్రో వాడుకుంటూ ఉంటాడు. దీనికి `payment_behavior=pending_if_incomplete` ఉంది. డబ్బు పడేదాకా పాత ప్లానే కొనసాగుతుంది, పడ్డాకే కొత్తది అమల్లోకి వస్తుంది.

```
curl https://api.stripe.com/v1/subscriptions/sub_123 \
  -u "sk_test_xxx:" \
  -d "items[0][id]"=si_123 \
  -d "items[0][price]"=price_pro \
  -d proration_behavior=always_invoice \
  -d payment_behavior=pending_if_incomplete \
  -d proration_date=1749600000
```

ఇందులో రెండు లైన్లు జాగ్రత్తగా చూడండి. `items[0][id]` ఇవ్వకుండా కొత్త ధర మాత్రమే పంపితే పాత ప్లాన్ తీసేయడం జరగదు, దాని పక్కన ప్రో కూడా వచ్చి చేరుతుంది. కస్టమర్ మీద నెలకు 3,300 పడుతుంది. కోడ్‌లో ఎర్రర్ ఏమీ రాదు కాబట్టి చాలా రోజులు ఎవరూ గమనించరు కూడా. అనుమానం ఉంటే ఒక సబ్‌స్క్రిప్షన్ తెరిచి అందులో ఎన్ని ఐటమ్స్ ఉన్నాయో చూడండి, ఒకటే ఉండాలి.

రెండోది `proration_date`. స్ట్రైప్ లెక్క రోజుల్లో కాదు, సెకన్లలో. కస్టమర్‌కి మీరు అంకె చూపించి అతను "సరే" నొక్కేలోపు మూడు నిమిషాలు గడిస్తే 1,000.00 కాస్తా 999.90 అవుతుంది. పది పైసల తేడాకి ఎవరూ గొడవ చేయరు అనుకుంటాం, కానీ చూపించింది ఒకటి, పడింది ఒకటి అంటే నమ్మకం పోతుంది. ప్రివ్యూ తీసినప్పుడు వాడిన టైమ్‌స్టాంప్‌నే మార్పు చేసేటప్పుడూ పంపిస్తే రెండు అంకెలూ ఒకటే వస్తాయి.

## రెండో పద్ధతి: తేడా తర్వాతి బిల్లులో కలపడం

ఈరోజు సున్నా. జులై 1న 2,400తో పాటు పాత బాకీ 1,000, మొత్తం 3,400. స్ట్రైప్‌లో ఏమీ పెట్టకపోతే జరిగేది ఇదే, దాని పేరు `create_prorations`.

కస్టమర్‌కి అప్‌గ్రేడ్ చేసేటప్పుడు ఇది హాయిగా ఉంటుంది, బిల్లు వచ్చినప్పుడు ఉండదు. ప్రో నెలకు 2,400 అని చదివి మారినవాడికి మొదటి బిల్లే 3,400 వస్తే అతను వివరాలు చదవడు, "రేటు పెంచేశారు" అని మెయిల్ పెడతాడు, లేదా నేరుగా బ్యాంకుకి ఫిర్యాదు చేస్తాడు. పైగా ఆ 20 రోజులూ మీరు అప్పు మీద సర్వీసు ఇస్తున్నారు. కార్డు ఎక్స్‌పైర్ అయితే 1,000 కాదు, 3,400 వసూలు కాకుండా ఆగుతుంది.

అలాగని దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేం. టీమ్ ప్లాన్లలో మనిషికింత అని సీట్లు అమ్మేవాళ్లకి ఇదే సరైనది. ఒక కంపెనీ నెలలో ఏడుసార్లు ఒక్కో మనిషిని చేరిస్తే మొదటి పద్ధతిలో కార్డు మీద ఏడు చిన్న చిన్న చార్జీలు, ఏడు ఇన్‌వాయిస్‌లు పడతాయి. వాళ్ల అకౌంట్స్ డిపార్ట్‌మెంట్ మిమ్మల్ని తిట్టుకుంటుంది. అవన్నీ నెలాఖరులో ఒకే ఇన్‌వాయిస్‌లో లైన్లుగా వస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. బ్యాంక్ ట్రాన్స్‌ఫర్‌తో కట్టే పెద్ద కస్టమర్లకీ అంతే.

ఏడాది ప్లాన్లకి మాత్రం దీన్ని దగ్గరికి రానివ్వకండి. ఏడాదికి 9,000 ఉన్న బేసిక్ నుంచి 24,000 ఉన్న ప్రోకి మూడు నెలల తర్వాత మారాడనుకోండి. మిగిలిన తొమ్మిది నెలలకు తేడా సుమారు 11,250. తర్వాతి బిల్లు వచ్చేది తొమ్మిది నెలల తర్వాత. అప్పటిదాకా ఆ డబ్బు మీ దగ్గర పెండింగ్ ఐటమ్‌గా పడి ఉంటుంది. అతను ఈలోపు రెన్యూవల్ రద్దు చేసుకుంటే దాన్ని రాబట్టడం ఇంకో తలనొప్పి. డిఫాల్ట్ కాబట్టి వాడుతున్న టీముల్లో ఎక్కువగా కనిపించే లీకు ఇదే.

## మూడో పద్ధతి: ప్రొరేషన్ అసలు వద్దు

ఇందులో రెండు రకాలు ఉన్నాయి, రెండింటినీ ఒకటే అనుకుని పొరపడుతుంటారు.

మొదటి రకంలో ప్రో ఇప్పుడే ఇచ్చేస్తారు, డబ్బు జులై 1 నుంచి తీసుకుంటారు. మిగిలిన 20 రోజుల తేడా 1,000 మీరే వదులుకుంటారు. స్ట్రైప్‌లో `proration_behavior=none`, గూగుల్ ప్లేలో `WITHOUT_PRORATION`. ప్లాన్ల మధ్య తేడా చిన్నదైతే, కస్టమర్లు వందల్లోనే ఉంటే, ఇది నిజానికి చాలా తెలివైన పని. లెక్క లేదు, వివరణ లేదు, కస్టమర్‌కి కానుక ఇచ్చినట్టు ఉంటుంది. కానీ సమానత్వ పరీక్షలో ఇది ఫెయిల్ అవుతుంది: వాడినది 1,900, కట్టింది 900. ఈ తేడాని కనిపెట్టే కస్టమర్ జూన్ 2న ప్రోకి ఎక్కి, జూన్ 30న బేసిక్‌కి దిగుతాడు. ప్రతి నెలా అదే చేస్తాడు. దీన్ని ఆపాలంటే ప్లాన్ తగ్గించుకోవడం ఎప్పుడూ సైకిల్ చివరే అమలవ్వాలి, పైగా అప్‌గ్రేడ్ అయ్యాక కనీసం ఒక పూర్తి ప్రో బిల్లు కట్టాకే దిగే వీలుండాలి. ఆ రూల్ రాయలేకపోతే ఈ రకం జోలికి పోవద్దు.

రెండో రకంలో మార్పే వాయిదా పడుతుంది. జులై 1 దాకా బేసిక్, ఆ తర్వాత ప్రో. ప్లేలో `DEFERRED` అంటే ఇదే. లెక్కల పరంగా మచ్చలేనిది, కానీ అప్‌గ్రేడ్‌కి ఎందుకూ పనికిరాదు. ఫీచర్ ఈరోజు కావాలి కాబట్టే అతను బటన్ నొక్కాడు, ఇరవై రోజులు ఆగమంటే ఎలా? డౌన్‌గ్రేడ్‌లకి మాత్రం దీన్ని మించింది లేదు.

## నాలుగో పద్ధతి: సైకిల్‌ని ఈరోజు నుంచి కొత్తగా మొదలుపెట్టడం

బేసిక్‌లో మిగిలిన 600 క్రెడిట్‌గా ఇచ్చి, ప్రో పూర్తి నెల ధర 2,400 వేస్తారు. ఈరోజు 1,800. తర్వాతి బిల్లు జులై 11న 2,400. స్ట్రైప్‌లో `billing_cycle_anchor=now`. యాపిల్ యాప్ స్టోర్ అప్‌గ్రేడ్‌లో జరిగేదీ దీనికి దగ్గరగానే ఉంటుంది: కొత్త ప్లాన్ వెంటనే మొదలవుతుంది, పాతదాంట్లో మిగిలిన భాగాన్ని యాపిల్ రిఫండ్ చేస్తుంది. అక్కడ మీకు వేరే ఎంపిక లేదు కూడా, యాప్ స్టోర్ ద్వారా అమ్మితే వాళ్ల పద్ధతే మీ పద్ధతి.

సమానత్వం చూద్దాం. జులై 11 దాకా వాడకం విలువ: బేసిక్ 10 రోజులకు 300, ప్రో ఒక సైకిల్‌కి 2,400, మొత్తం 2,700. కట్టింది 900, ఆపైన 1,800. సరిపోయింది.

దీని లాభం అర్థమయ్యే తీరులో ఉంది. "కొత్త ప్లాన్ ధర ఇంత, పాతదాంట్లో మిగిలింది తగ్గించాం" అంటే ఎవరికైనా వెంటనే ఎక్కుతుంది. నష్టం రెండు చోట్ల ఉంది. ఈరోజు చార్జీ 1,000 బదులు 1,800 అవుతుంది, ఆ అంకె చూసి వెనక్కి తగ్గేవాళ్లు కొందరు ఉంటారు. ఇక జీతం పడిన రోజే బిల్లులన్నీ పోవాలని ఒకటో తేదీ పెట్టుకున్నవాళ్లకి తేదీ మారడం నచ్చదు.

నెలవారీ నుంచి ఏడాదికి మారేటప్పుడు మాత్రం ఆలోచించాల్సిన పని లేదు, సైకిల్ పొడవే మారుతోంది కాబట్టి కొత్తగా మొదలుపెట్టాల్సిందే. స్ట్రైప్ కూడా ఇంటర్వల్ మారగానే తనంతట తనే తేదీ మార్చి వెంటనే ఇన్‌వాయిస్ వేస్తుంది. మన ఉదాహరణలో ఏడాది ప్రో 24,000, అందులో 600 పోగా ఈరోజు 23,400.

## ఐదోది: డబ్బుకి బదులు రోజులు

ఇది గూగుల్ ప్లే లోకంలో తరచూ కనిపించేది, పేరు `WITH_TIME_PRORATION`. ఈరోజు ఏమీ తీసుకోరు. మిగిలిన 600తో ప్రో ఎన్ని రోజులు వస్తుందో చూస్తారు: రోజుకు 80 చొప్పున ఏడున్నర రోజులు. కాబట్టి ప్రో వెంటనే వస్తుంది, కానీ తర్వాతి బిల్లు జులై 1న కాదు, జూన్ 18నే వచ్చేస్తుంది.

లెక్క పక్కాగా ఉంటుంది, చార్జీ ఏదీ పడదు కాబట్టి అప్‌గ్రేడ్ చేయడం కూడా తేలిక. కానీ బిల్లు తేదీ ముందుకు జరిగిందన్న సంగతి కస్టమర్ గమనించడు. వారం తిరిగేసరికి 2,400 పోతే "నెల కాకుండానే రెండోసారి కట్ చేశారు" అంటాడు. ఈ మోడ్ వాడితే అప్‌గ్రేడ్ స్క్రీన్ మీద తర్వాతి బిల్లు తేదీని ధర కన్నా పెద్ద అక్షరాల్లో రాయండి.

## అన్నీ ఒకచోట

| పద్ధతి | ఈరోజు | తర్వాతి బిల్లు | కస్టమర్ అడిగే ప్రశ్న |
|---|---|---|---|
| తేడా ఇప్పుడే | 1,000 | జులై 1న 2,400 | దాదాపు ఏమీ ఉండదు |
| తర్వాతి బిల్లులో | 0 | జులై 1న 3,400 | రేటు పెంచారా? |
| ప్రొరేషన్ లేకుండా, వెంటనే ప్రో | 0 | జులై 1న 2,400 | ఏమీ అడగడు, వాడుకుంటాడు |
| వాయిదా | 0 | జులై 1న 2,400 | ప్రో ఇంకా రాలేదేంటి? |
| కొత్త సైకిల్ | 1,800 | జులై 11న 2,400 | తేదీ ఎందుకు మారింది? |
| డబ్బుకి బదులు రోజులు | 0 | జూన్ 18న 2,400 | ఇంత త్వరగా బిల్లా? |

## కోటా ఉంటే కథ మారుతుంది

బేసిక్‌లో నెలకు 1,000 ఎక్స్‌పోర్టులు, ప్రోలో 5,000 ఇస్తున్నారనుకోండి. మొదటి పద్ధతి పెట్టుకున్నారు. కస్టమర్ జూన్ 30న, సైకిల్‌లో ఒక్క రోజు మిగిలి ఉండగా ప్రోకి మారాడు. తేడా 1,500లో ముప్పయ్యో వంతు, అంటే 50 కట్టాడు. మీ సిస్టమ్ అతని కోటాని 5,000కి పెంచేసింది. యాభైకి నాలుగు వేల ఎక్స్‌పోర్టులు! ఆ రాత్రికి పని ముగించుకుని మళ్లీ బేసిక్‌కి దిగిపోవచ్చు.

ప్రొరేషన్ లెక్కలో తప్పేమీ లేదు, సమానత్వ పరీక్ష కూడా పాసవుతుంది. డబ్బుని కాలంతో కొలిచి, కోటాని మాత్రం నెల మొత్తానికి ఇచ్చేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. సరిచేయడానికి రెండు దారులున్నాయి. అదనపు కోటాని కూడా రోజుల వారీగా ఇవ్వొచ్చు: ఒక రోజు మిగిలితే 4,000లో ముప్పయ్యో వంతు, సుమారు 133. న్యాయమే, కానీ ప్రో కొన్న మనిషికి "మీ కోటా 1,133" అని చూపిస్తే అతని ముఖం ఎలా ఉంటుందో ఊహించుకోండి. రెండో దారి నాలుగో పద్ధతే. సైకిల్ ఈరోజు నుంచి కొత్తగా మొదలైతే అతను 2,370 కట్టి పూర్తి నెల తీసుకుంటాడు, 5,000 కోటా కూడా పూర్తిగా ఇవ్వొచ్చు, ఎవరూ ఎవర్నీ మోసం చేసినట్టు కాదు. కోటా అమ్మేవాళ్లు నాలుగో పద్ధతి, ఫీచర్లు మాత్రమే అమ్మేవాళ్లు మొదటి పద్ధతి అని నేను గీత గీస్తాను. వాడినదానికే బిల్లు వేసే మీటర్ తరహా ప్లాన్లలో ఆ వాడకం మీద ప్రొరేషన్ ఉండదు కాబట్టి ఈ గొడవ లేదు.

## పద్ధతి సరైనదైనా డబ్బు జారే చోట్లు

సొంతంగా బిల్లింగ్ కోడ్ రాసుకునేవాళ్లు ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

నెలని ఎప్పుడూ 30 రోజులుగా లెక్కించే కోడ్ జూన్‌లో బాగానే ఉంటుంది. 31 రోజుల సైకిల్ మొదటి రోజే అప్‌గ్రేడ్ చేసినవాడికి 1,500 తేడా బదులు 1,550 వేస్తుంది, 28 రోజుల ఫిబ్రవరిలో 1,400తో వదిలేస్తుంది. పూర్తి నెల తేడా కన్నా ఎక్కువ ఎప్పుడైనా పడిందా అని పాత ఇన్‌వాయిస్‌లు తిరగేస్తే ఈ బగ్ ఉందో లేదో తెలిసిపోతుంది. హారంలో ఆ సైకిల్ అసలు పొడవే ఉండాలి.

క్రెడిట్‌ని ధరల పట్టిక నుంచి కాదు, అతను నిజంగా కట్టినదాని నుంచి తీయాలి. సగం తగ్గింపు కూపన్‌తో బేసిక్‌కి 450 కట్టినవాడికి 20 రోజుల క్రెడిట్ 300 మాత్రమే. పట్టిక చూసి 600 ఇస్తే కట్టనిదానికి డబ్బు తిరిగిస్తున్నట్టు. ఆ కూపన్ ప్రోకి కూడా వర్తిస్తుందా అన్నది మీ ఇష్టం, కానీ కోడ్ రాయకముందే తేల్చుకోవాలి. పన్ను కూడా అంతే, చార్జీ మీద పన్ను వేసి క్రెడిట్ మీద మర్చిపోతే కస్టమర్ రెండుసార్లు పన్ను కడతాడు.

దీనికి అన్నలాంటిది, అసలు కట్టని ఇన్‌వాయిస్. జూన్ 1న కార్డు ఫెయిలై 900 బాకీ ఉన్నవాడు జూన్ 11న అప్‌గ్రేడ్ చేస్తే స్ట్రైప్ అతనికి 600 క్రెడిట్ ఇచ్చేస్తుంది, ఆ 900 వచ్చిందా లేదా అని చూడదు. తర్వాత మీ టీములో ఎవరైనా ఆ పాత ఇన్‌వాయిస్‌ని రద్దు చేస్తే 600 గాల్లోంచి పుట్టినట్టే. బాకీ ఉంటే ముందు అది కట్టించి ఆ తర్వాతే అప్‌గ్రేడ్ బటన్ చూపించడం మంచిది.

ఇక ఒకే సైకిల్‌లో రెండుసార్లు ఎక్కేవాళ్లు. జూన్ 11న ప్రో తీసుకున్నవాడు జూన్ 21న 4,500 ఉన్న మ్యాక్స్‌కి మారాడు, పది రోజులు మిగిలాయి. మ్యాక్స్ పది రోజులకు 1,500, ప్రో క్రెడిట్ 800, కట్టాల్సింది 700. కానీ చాలా కోడ్‌లు "ఈ సైకిల్ మొదటి ఇన్‌వాయిస్" చూసి క్రెడిట్ లెక్కిస్తాయి. అప్పుడు బేసిక్ 900లో మూడో వంతు 300 మాత్రమే తగ్గించి 1,200 వేస్తాయి. కస్టమర్ మీద 500 ఎక్కువ పడింది. సమానత్వ పరీక్ష పెట్టండి: బేసిక్ 300, ప్రో 800, మ్యాక్స్ 1,500, మొత్తం 2,600. సరైన లెక్కలో కట్టింది 900, 1,000, 700, అదీ 2,600. తప్పు కోడ్‌లో 3,100 వస్తుంది, వెంటనే పట్టుబడుతుంది.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

ఇద్దరు ముగ్గురు కలిసి ఇప్పుడే మొదలుపెట్టిన ప్రొడక్ట్ అయితే, కోటాలు లేకపోతే, మొదటి పద్ధతి, `pending_if_incomplete`తో. ప్లాన్ల తేడా మరీ చిన్నదై ఉంటే మూడో పద్ధతిలోని మొదటి రకం కూడా ఆరు నెలలు నడిపేయొచ్చు, వదులుకున్న డబ్బు కన్నా ఆదా అయిన ఇంజనీరింగ్ టైమ్ ఎక్కువ. అయితే దిగే దారికి తాళం వేయడం మర్చిపోవద్దు.

క్రెడిట్లు, మెసేజ్‌లు, ఎక్స్‌పోర్టుల లాంటి కోటా అమ్మేవాళ్లకి నాలుగోది. ఈరోజు చార్జీ పెద్దగా కనపడుతుందని భయపడి మొదటిదానికి వెళ్తే నెలాఖరు అప్‌గ్రేడ్‌లు మిమ్మల్ని తినేస్తాయి.

కంపెనీలకి సీట్ల లెక్కన అమ్ముతుంటే రెండు పద్ధతులూ కలపాలి. సీటు చేర్చడం తర్వాతి బిల్లులోకి, ప్లాన్ స్థాయి మారడం వెంటనే వసూలుకి. ఏడాది కాంట్రాక్ట్ అయితే సీట్లని కూడా నెలకోసారి లేదా మూడు నెలలకోసారి ఇన్‌వాయిస్ చేయండి, ఏడాది చివరిదాకా పోగేయొద్దు.

మొబైల్ యాప్ అయితే ఐఫోన్ వైపు యాపిల్ నిర్ణయించేసింది, ఆండ్రాయిడ్‌లో మాత్రం మోడ్ మీరే ఎంచుకుంటారు. అక్కడ `CHARGE_PRORATED_PRICE` పెడితే వివరణల బాధ తక్కువ. రెండు వైపులా బిల్లు తేదీలు వేరుగా ప్రవర్తిస్తాయి కాబట్టి సపోర్ట్ టీముకి ఒకే జవాబు రాసివ్వకండి, రెండు రాయండి.

ఏది ఎంచుకున్నా లైవ్‌లో పెట్టేముందు స్ట్రైప్ వాడేవాళ్లు టెస్ట్ క్లాక్ తీసుకుని కాలాన్ని ముందుకు తోసి చూడండి. సైకిల్ మొదటి గంటలో ఒక అప్‌గ్రేడ్, చివరి గంటలో ఒకటి, ఒకే సైకిల్‌లో రెండు, ఫెయిలయ్యే కార్డుతో ఒకటి. ఈ నాలుగూ నడిపి, ప్రతిదానికీ తర్వాతి బిల్లు దాకా వెళ్లి, వాడినదాని విలువా కట్టినదీ సమానంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.